జాబ్ వర్కర్ దగ్గర మన సరుకు ఎంతుంది? ఈఆర్‌పీలో ఈ ఒక్క అంకె ఎందుకు తప్పుతుంది

మార్చి నెలాఖర్లో ఆడిటర్ స్టాక్ లిస్టు తీసి, "ఈ టర్నింగ్ అతని దగ్గర 1,400 కిలోల రాడ్ ఉన్నట్టు చూపిస్తోంది, నిజమేనా?" అని అడుగుతాడు. స్టోర్స్ వాళ్లు ఆ షెడ్డుకు ఫోన్ చేస్తే అవతలి నుంచి, "అంత మెటీరియల్ మా దగ్గర ఎందుకుంటుందన్నా, మీరు పంపిందంతా పిన్నులు చేసి ఎప్పటికప్పుడు పంపించేశాం కదా" అని జవాబు వస్తుంది. అతను అబద్ధం చెప్పడం లేదు, స్టోర్స్ వాళ్లు దొంగలు కారు, సాఫ్ట్‌వేర్ కూడా చెడిపోలేదు. హైదరాబాద్ బాలానగర్, జీడిమెట్ల వైపు చిన్న ఇంజినీరింగ్ యూనిట్లలో ఈఆర్‌పీ, అంటే స్టాక్, కొనుగోళ్లు, అకౌంట్లు అన్నీ ఒకేచోట చూసే సాఫ్ట్‌వేర్ పెట్టే పనిలో నేను ఎక్కువసార్లు చూసిన తప్పు ఇదే. ఒక్క పీసుకు ఎంత మెటీరియల్ ఖర్చవుతుందో కంప్యూటర్‌కు తప్పుగా చెప్పి ఉంటారు, మిగతాదంతా అక్కడి నుంచే మొదలవుతుంది.

ఈ వ్యాసమంతా ఆ ఒక్క అంకె గురించే. అన్ని రకాల జాబ్ వర్కూ చెప్పుకుంటూ పోతే ఏదీ తలకెక్కదు కాబట్టి ఒకే ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళ్దాం: మనం స్టీల్ రాడ్ పంపుతాం, బయట లేత్ షెడ్డు అతను దాన్ని పిన్నులుగా తిప్పి ఇస్తాడు, మనం కూలి ఇస్తాం.

సరుకు మనదే, కానీ మన దగ్గర లేదు

జాబ్ వర్క్‌లో ముందు అర్థం చేసుకోవాల్సింది యాజమాన్యం. రాడ్ గేటు దాటి వెళ్లినా అది మన ఆస్తే. మనం అతనికి అమ్మలేదు, అతను మనకు పిన్నులు అమ్మడం లేదు, తన కూలి మాత్రమే అమ్ముతున్నాడు. అందుకే ఈఆర్‌పీలో జాబ్ వర్కర్ పేరు మీద ఒక గోడౌన్ తెరుస్తాం. ఊళ్లో ఎక్కడో ఉన్న అతని షెడ్డు మన లెక్కల్లో మన సొంత గోడౌన్లలో ఒకటిగా ఉంటుంది. ఇక్కడ నుంచి పంపినప్పుడు స్టాక్ తగ్గదు, మన గోడౌన్ నుంచి అతని పేరు మీదున్న గోడౌన్‌కు జరుగుతుంది, అంతే.

చాలామంది ఇక్కడే మొదటి అడుగు తప్పు వేస్తారు. మామూలుగా కస్టమర్‌కు సరుకు పంపే డెలివరీ ఎంట్రీనే రాడ్‌కూ వేసేస్తారు. దాంతో లెక్కల్లో రాడ్ మాయమైపోతుంది. పిన్నులు తిరిగి వచ్చినప్పుడు మామూలు కొనుగోలు ఎంట్రీ వేస్తారు, దాంతో పిన్ను విలువ 22 రూపాయల కూలి మాత్రమే అవుతుంది, స్టీల్ ఖరీదు ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. రాడ్‌ను నిజంగానే అతనికి అమ్మి పిన్నుల్ని తిరిగి కొనుక్కునే పద్ధతి కూడా ఉంది, అదీ చట్టబద్ధమే, కానీ అప్పుడు రెండు వైపులా బిల్లులూ రెండు వైపులా జీఎస్టీ ఉంటాయి. సగం ఇదీ సగం అదీ కలిపితే మాత్రం ఏ లెక్కా కుదరదు.

సరైన దారి ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా దాదాపు ఒకటే, పేర్లే వేరు. ERPNextలో వెర్షన్ 14 నుంచి ఇలా ఉంటుంది: ముందు కూలికి `Purchase Order` వేస్తాం, అందులో సబ్‌కాంట్రాక్ట్ అని టిక్ పెట్టి, కొనేది 'టర్నింగ్ కూలి' అనే సర్వీసు ఐటమ్ అనీ, దానికి బదులుగా వచ్చే వస్తువు పిన్ను అనీ చెప్తాం. దాని నుంచి `Subcontracting Order` పుడుతుంది. రాడ్ పంపేటప్పుడు `Send to Subcontractor` అనే స్టాక్ ఎంట్రీ, పిన్నులు వచ్చాక `Subcontracting Receipt`. టాలీప్రైమ్‌లో అయితే జాబ్ వర్క్ అవుట్ ఆర్డర్ వేసి `Material Out`, `Material In` వోచర్లు వాడతారు. ఎస్‌ఏపీలో కొనుగోలు ఆర్డర్ లైన్‌కు ఐటమ్ కేటగిరీ L పెడతారు, ఎంట్రీలకు నంబర్లే కోడ్లు: మెటీరియల్ పంపడం 541, పిన్నులు రావడం 101, దాంతోపాటే తనంతట తాను పడే వాడకం 543.

ఆఖరున చెప్పిన ఆ 'తనంతట తాను పడే వాడకం' మీదే మన కథంతా. పిన్నులు వచ్చాయని ఎంట్రీ వేయగానే సిస్టమ్ రెండు పనులు చేస్తుంది. మన గోడౌన్‌లో పిన్నులు పెంచుతుంది, జాబ్ వర్కర్ గోడౌన్‌లో రాడ్ తగ్గిస్తుంది. పిన్నులు ఎన్నో మనం లెక్కపెట్టి చెప్తాం. రాడ్ ఎంత తగ్గించాలో మాత్రం అది మనల్ని అడగదు, ఒక్కో వస్తువుకు ఏ మెటీరియల్ ఎంత పడుతుందో రాసే జాబితా, అంటే బీఓఎమ్‌లో ఒక పిన్నుకు ఎంత అని రాసి పెట్టామో చూసి గుణించేస్తుంది. రాడ్ వెళ్లేది కిలోల్లో, పిన్నులు వచ్చేది నంబర్లలో, ఆ రెంటికీ మధ్య ఉన్న ఒకే ఒక్క వంతెన ఆ అంకె.

పిన్ను బరువు వేరు, పిన్నుకు పట్టే రాడ్ బరువు వేరు

మన పిన్ను తయారయ్యాక 30 మిల్లీమీటర్ల మందం, 100 మిల్లీమీటర్ల పొడవు అనుకుందాం. దీనికి ఈఎన్8 అనే రకం స్టీల్‌లో 32 మిల్లీమీటర్ల రాడ్ వాడతాం. రౌండ్ రాడ్ బరువుకు షాపుల్లో అందరికీ నోటికొచ్చిన సూత్రం ఒకటుంది, మందాన్ని మందంతో గుణించి 162తో భాగిస్తే మీటరుకు కిలోలు వస్తాయి.

```
రాడ్:   32 × 32 ÷ 162 = 6.32 కిలోలు / మీటరు
పిన్ను: 30 × 30 ÷ 162 = 5.556 కిలోలు / మీటరు
        5.556 × 0.1   = 0.556 కిలో / పిన్ను
```

బీఓఎమ్ తయారుచేసే మనిషి సాధారణంగా డ్రాయింగ్ చూస్తాడు. డ్రాయింగ్ మీద తయారైన పిన్ను బరువు 0.556 కిలో అని ఉంటుంది, దాన్నే బీఓఎమ్‌లో కొట్టేస్తాడు. లేదా తయారైన పిన్నొకటి తెచ్చి కాటా మీద పెట్టి చూస్తాడు, మళ్లీ 0.556 వస్తుంది. రెండు విధాలా అదే రావడంతో అంకె సరైనదేనని నమ్మకం కుదురుతుంది. కానీ అది పిన్నులో మిగిలిన స్టీల్, పిన్ను కోసం ఖర్చయిన స్టీల్ కాదు.

ఖర్చయ్యేదెంతో తెలియాలంటే లేత్ దగ్గర నిలబడి చూడాలి. 100 మిల్లీమీటర్ల పిన్నుకు ముక్క కోసేటప్పుడు బ్లేడు మందానికి 3 మిల్లీమీటర్లు పోతాయి, రెండు మొహాలూ చదును చేయడానికి ఇంకో 2 వదులుతారు. అంటే ముక్కకు 105 మిల్లీమీటర్లు, 6.32తో గుణిస్తే 0.664 కిలో. చాలామంది శ్రద్ధగా ఇక్కడిదాకా వచ్చి ఆగిపోతారు, ఇంకో మెట్టు మిగిలే ఉంది. రాడ్ 3 మీటర్ల పొడవు వస్తుంది. 3,000ని 105తో భాగిస్తే 28 ముక్కలు పోగా 60 మిల్లీమీటర్ల తునక మిగులుతుంది, దానితో పిన్ను అవదు. ఆ తునక ఖర్చు కూడా ఆ 28 పిన్నులే మోయాలి.

```
ఒక రాడ్: 6.32 × 3  = 18.96 కిలోలు
ఒక పిన్నుకు: 18.96 ÷ 28 = 0.677 కిలో
```

బీఓఎమ్‌లో ఉండాల్సింది ఈ 0.677. రాడ్ పొడవు మారితే ఇదీ మారుతుందని గుర్తుంచుకోండి, ఎందుకంటే 3 మీటర్ల రాడ్‌లో మిగిలే తునకా 6 మీటర్ల రాడ్‌లో మిగిలే తునకా ఒకటి కావు. 6,000ని 105తో భాగిస్తే 57 వస్తాయి, 56 కాదు. కొనుగోలు వాళ్లు రాడ్ పొడవు మార్చినప్పుడు బీఓఎమ్ చూసే మనిషికి కబురు అందడం లేదంటే అది పనిలో ఉన్న లోపమే, సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టుకోలేదు.

వెయ్యి పిన్నుల ఆర్డర్ ఎలా నడిచింది

ఆర్డర్ 1,000 పిన్నులు. 28 చొప్పున 36 రాడ్లు కావాలి, వాటిలో 1,008 ముక్కలు వస్తాయి. 36 రాడ్లు కాటా వేస్తే 683 కిలోలు తూగాయి, లెక్క ప్రకారం 682.56 రావాలి, ఆ చిన్న తేడా మామూలే. స్టీల్ కిలో 70 రూపాయలు, టర్నింగ్ కూలి పిన్నుకు 22 రూపాయలు అనుకుందాం. ఈ ధరలు లెక్క కోసం పెట్టుకున్నవి, మీ ధరలు వేసుకుని చూడండి.

మొదటి వారం 400 పిన్నులు వచ్చాయి, తర్వాత 560. మొత్తం 960. ఇప్పుడు జాబ్ వర్కర్ గోడౌన్‌లో రాడ్ ఎంతుండాలి?

బీఓఎమ్ సరిగ్గా ఉంటే సిస్టమ్ 960ని 0.677తో గుణించి 649.92 కిలోలు వాడినట్టు రాసుకుంటుంది, 33 కిలోల పైచిలుకు మిగిలినట్టు చూపిస్తుంది. షెడ్డుకు వెళ్లి చూస్తే ఏముంది? ఇంకా తిప్పని ముక్కలు 18. సైజు తగ్గిపోయి పక్కన పడేసిన రిజెక్షన్ పిన్నులు 30. రెండూ కలిపి 48, వాటిని 0.677తో గుణిస్తే 32.5 కిలోలు. మిగిలిన అర కిలో తూకంలో తేడా. సిస్టమ్ చెప్పిన మాటకూ కంటికి కనిపించినదానికీ మధ్య తేడా అర కిలో చిల్లరే, ఉన్న కొంచెం కూడా ఎందుకో మనకు తెలుసు.

అదే బీఓఎమ్‌లో 0.556 ఉంటే? వాడకం 533.76 కిలోలే పడుతుంది, అతని దగ్గర 149 కిలోలు ఉన్నట్టు చూపిస్తుంది. నిజానికి ఉన్నది 33. మధ్యలో ఉన్న 116 కిలోలు ఎక్కడ? ఆ 960 పిన్నులు తిప్పినప్పుడు రాలిన చిప్స్, బ్లేడు తినేసింది, రాడ్ చివర తునకలు. అవన్నీ అతని షెడ్డు మూలన కుప్పగా పడి ఉన్నాయి, లేదా తుక్కు వాడికి వెళ్లిపోయాయి, కానీ మన కంప్యూటర్ మాత్రం వాటిని ఇంకా నిక్షేపంలాంటి కొత్త రాడ్ అనుకుంటోంది. నెలకో ఆర్డర్ వేసుకుంటే ఏడాదికి దాదాపు 1,400 కిలోలు. ఆడిటర్ అడిగింది ఆ రాడ్ గురించే.

ఈ తప్పును ముందే పట్టుకోవడానికి పెద్ద రిపోర్టులేమీ అక్కర్లేదు. ఒక జాబ్ వర్కర్ గోడౌన్‌లో ఒక ఐటమ్ నిల్వ ఆరు నెలలుగా ఎలా కదిలిందో చూడండి. ఆర్డర్లు పూర్తయినప్పుడల్లా సున్నాకు దగ్గరగా దిగి మళ్లీ లేస్తూ ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. ప్రతి ఆర్డర్‌కూ కొంచెం కొంచెం మెట్లెక్కుతూ పోతోందంటే బీఓఎమ్‌లో వాడకం తక్కువ రాశారు, లేదా రిజెక్షన్ లెక్కలోకి రావడం లేదు. నిల్వ మైనస్‌లోకి వెళ్తోందంటే వాడకం ఎక్కువ రాశారు, లేదా టెంపో వెళ్లిపోయాక ఎంట్రీ మర్నాడు వేస్తున్నారు. శనివారం సాయంత్రం పంపిన రాడ్‌కు సోమవారం ఎంట్రీ వేస్తే, ఆదివారం తేదీతో పిన్నుల రిసీట్ వేయబోయే మనిషికి సిస్టమ్ అడ్డుపడుతుంది, అతను విసిగిపోయి తేదీలు మార్చడం మొదలుపెడతాడు. తేదీలు మార్చడం మొదలైన చోట ఇక దేన్నీ నమ్మలేం.

పిన్ను ఖరీదులోకి ఏం వెళ్తుంది

అంకె తప్పితే పోయేది నిల్వ లెక్క ఒక్కటే కాదు. పిన్ను విలువను సిస్టమ్ కట్టేది కూడా దీనితోనే: వాడిన మెటీరియల్ విలువ, దానికి కూలి, ఆ పైన రానుపోను టెంపో లాంటి అదనపు ఖర్చులు, అందులోంచి తుక్కు విలువ తీసేయాలి.

```
మెటీరియల్: 0.677 × 70 = 47.39
కూలి:                    22.00
టెంపో:                    3.00
తుక్కు:   0.121 × 30 = − 3.63
పిన్ను ఖరీదు:            68.76
```

తుక్కు 0.121 కిలో ఎలా వచ్చిందంటే, ఖర్చయిన 0.677లోంచి పిన్నులో మిగిలిన 0.556 తీసేస్తే వచ్చేది అదే. తుక్కు కిలో 30 అని వేసుకున్నాను. బీఓఎమ్‌లో 0.556 పెట్టుకున్న యూనిట్‌లో మెటీరియల్ 38.92కే ఆగిపోతుంది, అంటే పిన్నుకు ఎనిమిది రూపాయల నలభై ఏడు పైసలు తక్కువ. తుక్కు డబ్బు చేతికొచ్చినా ఆ లోటులో సగం కూడా పూడదు. ఆ ఖరీదు చూసి కస్టమర్‌కు కొటేషన్ ఇస్తే ప్రతి పిన్ను మీదా నష్టం, అది ఏడాది చివర స్టాక్ రైటాఫ్ రూపంలో ఒకేసారి బయటపడేదాకా లాభమే కనిపిస్తూ ఉంటుంది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే చిన్న యూనిట్ ఓనర్ రాత్రింబవళ్లు కష్టపడి, లాభం వస్తోందని నమ్మి, అదే ధరకు ఇంకో పెద్ద ఆర్డర్ ఒప్పుకుంటాడు.

కూలి బిల్లు దగ్గర ఒక జాగ్రత్త. బిల్లు కొనుగోలు ఆర్డర్ మీద వేస్తే అందులో 1,000 అని ఉంటుంది, వచ్చినవి 960. అకౌంట్స్‌లో కూర్చున్నవాళ్లకు పిన్నుల రిసీట్ కనిపించకపోతే వెయ్యికీ డబ్బు కట్టేస్తారు. బిల్లులో ఉన్న సంఖ్యను రిసీట్లలో ఒప్పుకున్న సంఖ్యతో పోల్చకుండా పాస్ చేయకూడదని గట్టిగా రూలు పెట్టుకోండి.

పంపినదంతా వాడేసినట్టు రాసే పద్ధతి

బీఓఎమ్ గొడవంతా వద్దనుకునేవాళ్లకు ERPNextలో ఇంకో దారి ఉంది. `Buying Settings`లో `Backflush Raw Materials of Subcontract Based On` అనే సెట్టింగ్ ఉంటుంది, అందులో `BOM` బదులు `Material Transferred for Subcontract` ఎంచుకుంటే, బీఓఎమ్ అంకెతో కాకుండా నిజంగా ఎంత పంపామో దాన్ని ఆర్డర్ సంఖ్యకు పంచి వాడకం వేస్తుంది. వినడానికి బాగుంటుంది. కానీ రాడ్ లాంటి సరుకుకు నేను దీన్ని వద్దంటాను, కారణం చెప్తాను.

36 రాడ్లు కావాల్సిన చోట కట్ట విప్పడం ఎందుకని 40 రాడ్లు పంపారనుకోండి, అది రోజూ జరిగేదే. 758.4 కిలోలు వెళ్లాయి. వెయ్యి పిన్నులకు పంచితే పిన్నుకు 0.758. నాలుగు రాడ్లు అతని షెడ్డులో గోడకు ఆనించి చెక్కుచెదరకుండా ఉన్నా, సిస్టమ్ వాటిని కూడా పిన్నుల్లో కలిపేస్తుంది. పిన్ను ఖరీదు ఐదు రూపాయల డెబ్బై పైసలు పెరుగుతుంది, ఆర్డర్ పూర్తయ్యాక అతని నిల్వ సున్నా అవుతుంది, ఆ నాలుగు రాడ్లు ఇక మన పుస్తకాల్లో ఉండవు. అతను నిజాయితీపరుడైతే వచ్చే ఆర్డర్‌కు వాడతాడు. మనకు మాత్రం అడగడానికి ఆధారం మిగలదు. రిసీట్‌లో వాడకం అంకెను చేత్తో సరిచేసుకోవచ్చు, కానీ సరిచేయాలంటే ముందు అసలు అంకె ఎంతో తెలియాలి కదా, మళ్లీ 0.677 దగ్గరికే వస్తాం.

ఈ పద్ధతి నప్పేది ఒక ముక్కకు ఒక ముక్క వచ్చే పనులకు. 200 కాస్టింగులు పంపితే 200 మెషినింగ్ అయి వస్తాయి, బ్యాచ్ నంబర్ కూడా వెంట రావాలి, అక్కడ పంపినదే వాడకం. జింక్ ప్లేటింగ్‌కు, హీట్ ట్రీట్‌మెంట్‌కు కూడా ఇదే బాగుంటుంది.

ప్లేటింగ్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. తిప్పిన పిన్నూ ప్లేటింగ్ అయిన పిన్నూ కంటికి ఒకే వస్తువు అనిపిస్తాయి, అందుకని రెంటికీ ఒకే ఐటమ్ కోడ్ పెడతారు. అలా పెడితే ప్లేటింగ్ కానివీ అయినవీ ఒకే నిల్వలో కలిసిపోయి, కస్టమర్‌కు ప్లేటింగ్ కాని పిన్నులు వెళ్లిపోయే రోజు వస్తుంది. రెండు దశలకు రెండు కోడ్లు ఉండాల్సిందే. టర్నింగ్ అతని దగ్గర్నుంచి పిన్నులు మన గేటుకు రాకుండా నేరుగా ప్లేటింగ్‌కు వెళ్లినా సరే, సిస్టమ్‌లో మాత్రం ముందు రిసీట్ వేసి, ఆ తర్వాతే ప్లేటింగ్ ఆర్డర్ మీద పంపినట్టు వేయాలి.

చలాన్, ఏడాది గడువు

ఇప్పటిదాకా తప్పు మన ఇంట్లోనే ఉంది. జీఎస్టీ దగ్గర అది బయటికి వస్తుంది.

కేంద్ర జీఎస్టీ చట్టం 2017లో 143వ సెక్షన్ ప్రకారం మెటీరియల్‌ను పన్ను కట్టకుండా జాబ్ వర్క్‌కు పంపొచ్చు, కానీ ఏడాదిలోగా తిరిగి రావాలి, లేదా అక్కడి నుంచే అమ్ముడవ్వాలి. యంత్రాల లాంటి క్యాపిటల్ సరుకుకు మూడేళ్లు. మౌల్డులు, డైలు, జిగ్గులు, ఫిక్స్చర్లు, టూల్స్‌కు ఈ గడువు వర్తించదు. గడువు పెంచే అధికారం కమిషనర్‌కు ఉంది. గడువు దాటితే ఆ మెటీరియల్‌ను మనం పంపిన రోజునే అతనికి సరఫరా చేసినట్టు లెక్క, అంటే పన్ను ఇప్పుడు కట్టినా వడ్డీ ఆ రోజు నుంచి పడుతుంది. మెటీరియల్ వెంట డెలివరీ చలాన్ మూడు కాపీలుగా ఉండాలి. జాబ్ వర్కర్ వేరే రాష్ట్రంలో ఉంటే విలువ ఎంత తక్కువైనా ఈ-వే బిల్లు తప్పదు. పంపినవీ వచ్చినవీ ఐటీసీ-04 ఫారంలో చూపించాలి: టర్నోవర్ 5 కోట్లు దాటినవాళ్లు ఆర్నెల్లకోసారి, మిగతావాళ్లు ఏడాదికోసారి.

ఇప్పుడు ఆ 116 కిలోల దగ్గరికి మళ్లీ రండి. మన పుస్తకాల ప్రకారం అది పంపిన చలాన్ మీద తిరిగి రాని రాడ్. ఏడాది దాటితే ఆ పుస్తకాలే మనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్తాయి. చిప్స్ అయిపోయిందని మనం నోటితో చెప్పొచ్చు, కానీ చిప్స్ అని ఎక్కడా రాయలేదు కదా. ఐటీసీ-04లో తిరిగి వచ్చిన సరుకు పక్కన నష్టం, వ్యర్థం ఎంతో చూపించడానికి గడి ఉంది. వాడకం 0.677 అని, అందులో తుక్కు 0.121 అని బీఓఎమ్‌లో మొదటి రోజే రాసుకున్నవాళ్లకు ఆ గడి నింపడం నిమిషం పని.

తుక్కు విషయంలో మన దగ్గర ఎక్కువగా నడిచే ఒప్పందం, "చిప్స్ నువ్వే ఉంచుకో, కూలి కొంచెం తగ్గించు" అన్నది. ఇందులో తప్పేం లేదు, కానీ కాగితం మీద ఏమీ లేకుండా వదిలేయకండి. చిప్స్ కూడా మన స్టీలే. జాబ్ వర్కర్‌కు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే అతనే పన్ను కట్టి తన షెడ్డు నుంచి నేరుగా తుక్కు అమ్మొచ్చు, లేకపోతే మనమే బిల్లు వేయాలి, చట్టం చెప్పేది అదే. 36 రాడ్ల ఆర్డర్‌లో చిప్స్, తునకలు కలిపి దాదాపు 120 కిలోలు, 30 చొప్పున 3,600 రూపాయలు. ఒక ఆర్డర్‌కు చిన్న మొత్తమే, ఏడాదికి కాదు.

రిజెక్షన్, ఆఖరి లెక్క

ఆ 30 పిన్నుల సంగతి మిగిలింది. రిజెక్షన్ రెండు రకాలు. రాడ్‌లోనే పగులు ఉండి పాడైతే అది మన నష్టం, కొన్నిచోట్ల కూలి కూడా ఇవ్వాల్సి ఉంటుంది. అతని చేతిలో సైజు తగ్గిపోతే అతనిది. ఏది ఏదో తేల్చాలంటే పిన్నుల్ని కళ్లతో చూడాలి, అందుకే రిజెక్షన్‌ను అతని దగ్గరే వదిలేయకుండా చలాన్ మీద వెనక్కి రప్పించి, లెక్కపెట్టి, రిజెక్షన్ స్టోర్‌లోకి తీసుకోవాలి. మీ సాఫ్ట్‌వేర్‌లో రిజెక్ట్ అయిన సంఖ్యకు కూడా రాడ్ వాడకం పడుతోందో లేదో ఒక టెస్ట్ ఎంట్రీ వేసి చూసుకోండి. పడకపోతే ఆ 20.31 కిలోల్ని అతని గోడౌన్ నుంచి విడిగా ఇష్యూ చేసి తీసేయాలి, లేకపోతే రిజెక్షన్ అంతా కొత్త రాడ్ వేషంలో అక్కడే ఉండిపోతుంది.

డెబిట్ నోట్ వేసేటప్పుడు న్యాయంగా వేయండి. మెటీరియల్ 20.31 కిలోలు, 70 చొప్పున 1,422 రూపాయలు. కానీ ఆ పాడైన పిన్నులు దాదాపు 16.7 కిలోల తుక్కుగా మన చేతికి వచ్చాయి, వాటి మీద 500 మనకు వస్తాయి. కాబట్టి అతని దగ్గర కోయాల్సింది 922. రెండు లేత్‌లు పెట్టుకుని బతికే మనిషి దగ్గర పూర్తి మెటీరియల్ డబ్బూ కోసి, తుక్కూ మనమే అమ్ముకుంటే, వచ్చే ఆర్డర్‌లో రిజెక్షన్ దాచేస్తాడు. అప్పుడు మన నిల్వ లెక్క మళ్లీ తప్పుతుంది.

మూడు నెలలకోసారైనా షెడ్డుకు మనిషిని పంపి లెక్క చూసుకోండి. "నీ దగ్గర ఎన్ని కిలోలున్నాయి?" అని అడిగితే అతను చెప్పలేడు, అతను కిలోల్లో ఆలోచించడు. నిండు రాడ్లు ఎన్ని, కోసిన ముక్కలు ఎన్ని, మెషిన్ మీదున్నవి ఎన్ని, రిజెక్షన్ ఎన్ని అని అడగండి, వేలు పెట్టి చూపిస్తాడు. నిండు రాడ్‌ను 18.96తో, మిగతావాటిని 0.677తో గుణించి కూడండి. కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి.

మన ఆర్డర్ చివరికి ఇలా ముగిసింది. మిగిలిన 18 ముక్కలు తర్వాతి వారం పిన్నులై వచ్చాయి, మంచివి మొత్తం 978. 30 రిజెక్షన్ తిరిగొచ్చింది. వెయ్యికి తగ్గిన 22ను ఆర్డర్‌లో క్లోజ్ చేశాం. 1,008ని 0.677తో గుణిస్తే 682.42 కిలోలు, పంపింది 683. అతని గోడౌన్‌లో ఇంకా 0.58 కిలో ఉన్నట్టు స్క్రీన్ చూపించింది. దాని విలువ 41 రూపాయలు. తూకం తేడా అని రాసి స్టాక్ సర్దుబాటు ఎంట్రీ వేశాం, నిల్వ సున్నాకు వచ్చింది.